మధ్యాహ్నపు నీడతో భూమి చుట్టుకొలత: వేర్వేరు దేశాల స్కూళ్లు కలిసి చేసే ప్రాజెక్టు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడిగా కొలవడానికి ఎన్నో అంశాలుండగా నీడనే ఎందుకు ఎంచుకోవాలి?

ఉమ్మడి ప్రాజెక్టుకు అంశం వెతికేటప్పుడు నేను ముందు ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటాను: పక్క స్కూలు కొలతలు రాకపోతే మా పిల్లల పని ఆగిపోతుందా? ఆగదంటే అది ఉమ్మడి ప్రాజెక్టు కాదు, ఒకే శీర్షిక కింద పెట్టిన విడివిడి ప్రాజెక్టులు. వర్షపాతం, చెత్త బరువు, ఇష్టమైన ఆటల సర్వే లాంటివి ఎక్కువగా ఇలాగే ముగుస్తాయి. ప్రతి బృందం తన పట్టిక తాను వేసుకుంటుంది, చివర్లో రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూపిస్తారు.

నీడ విషయంలో అలా కుదరదు. ఒక స్కూలు ఒక్కటే ఎంత శ్రద్ధగా కొలిచినా, ఆ రోజు సూర్యుడు తమ నడినెత్తి నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు ఉన్నాడన్నది మాత్రమే తెలుస్తుంది. బాగా ఉత్తరాన గానీ దక్షిణాన గానీ ఉన్న ఇంకో స్కూలు కోణం చేతికొచ్చాకే భూమి చుట్టుకొలత లెక్క మొదలవుతుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ వాడిన తర్కం ఇదే. దానికి దక్షిణాన ఉన్న సైయీన్ ఊళ్లో సూర్యుడు నడినెత్తిన ఉన్న రోజున అలెగ్జాండ్రియాలో 7.2 డిగ్రీల కోణం వచ్చింది. అది పూర్తి వృత్తంలో 50వ వంతు. రెండు ఊళ్ల మధ్య దూరం అప్పటి గ్రీకు కొలతలో 5,000 స్టేడియాలు కాబట్టి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలని ఆయన తేల్చాడు.

ఎన్ని స్కూళ్లు ఉండాలి? ఎంత దూరంలో ఉండాలి?

రెండుంటే లెక్క వస్తుంది. మూడుంటే తప్పు ఎక్కడుందో పట్టుకోవచ్చు. నాలుగైదు మించితే ఉత్తరాలకు జవాబులు రాబట్టడానికే సమయం సరిపోతుంది.

సంఖ్య కన్నా దూరం ముఖ్యం. ఇక్కడ దూరమంటే ఉత్తర దక్షిణాల మధ్య దూరం, అంటే అక్షాంశాల తేడా. ఆ తేడా కనీసం 10 డిగ్రీలుండేలా చూసుకోండి. కారణం లెక్కలోనే ఉంది. రెండు స్కూళ్ల మధ్య తేడా 3 డిగ్రీలే, అంటే సుమారు 333 కిలోమీటర్లే అనుకుందాం. ఒక చోట కర్ర ఉత్తరానికో దక్షిణానికో ఒక డిగ్రీ వాలినా కోణాల తేడా 3 బదులు 2 అని గానీ 4 అని గానీ వస్తుంది. చుట్టుకొలత ఒకసారి దాదాపు 60,000 కిలోమీటర్లు, ఇంకోసారి దాదాపు 30,000 అవుతుంది. అసలు విలువ, ధ్రువాల మీదుగా, దాదాపు 40,008 కిలోమీటర్లు. అదే తప్పు 24 డిగ్రీల తేడా ఉన్న జంటలో జరిగితే ఫలితం నాలుగు శాతం మాత్రమే అటూ ఇటూ అవుతుంది.

రెండు స్కూళ్లూ ఒకే రేఖాంశం మీద ఉండాలా?

అక్కర్లేదు. తూర్పు పడమరల తేడా వల్ల మధ్యాహ్నం ముందూ వెనకా అవుతుందంతే. ప్రతి స్కూలు తన మధ్యాహ్నం తాను కొలుస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఎరటోస్తనీస్ ఒకే రేఖ మీద ఉన్నాయనుకున్న ఆ రెండు ఊళ్ల మధ్య కూడా నిజానికి మూడు డిగ్రీల రేఖాంశ తేడా ఉంది. ఒకే సమయంలో అందరూ ఆన్‌లైన్‌లో కలవాల్సిన అవసరం లేకపోవడం ఈ అంశంలో నాకు బాగా నచ్చే విషయం. ఎవరి బడి వేళలో వాళ్లు కొలుచుకోవచ్చు.

ఏ తేదీ మంచిది?

చాలామంది మార్చి 20 లేదా సెప్టెంబరు 22 ప్రాంతాన్ని, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్ని ఎంచుకుంటారు. వినడానికి బాగుంటుంది గానీ వేర్వేరు దేశాలు కలిసినప్పుడు అదే ఇబ్బంది పెడుతుంది. ఆ రోజుల్లో సూర్యుడి క్రాంతి, అంటే భూమధ్యరేఖకు సూర్యుడు ఎన్ని డిగ్రీలు ఉత్తరాన లేదా దక్షిణాన ఉన్నాడన్న లెక్క, రోజుకు దాదాపు 0.4 డిగ్రీ మారిపోతుంది. ఒక స్కూల్లో మబ్బు పట్టి మూడు రోజులు ఆలస్యమైతే ఒక డిగ్రీకి పైగా తేడా చేరుతుంది.

జూన్ 21 లేదా డిసెంబరు 21 ప్రాంతంలో క్రాంతి దాదాపు నిలకడగా ఉంటుంది. వారం అటూ ఇటూ అయినా మార్పు 0.2 డిగ్రీ లోపే. అందుకే ఒక్క రోజు కాకుండా, ఆ తేదీ చుట్టూ పది పన్నెండు రోజుల గడువు పెట్టుకుని, అందులో ఎండ కాసిన ఏ రోజునైనా కొలవవచ్చని ఒప్పందం చేసుకోండి. ఎక్కడో ఒక చోట మబ్బు తప్పదు. సెలవుల వల్ల ఈ తేదీలు కుదరని స్కూలుంటే మార్చి, సెప్టెంబరులకు వెళ్లక తప్పదు. అప్పుడు మాత్రం అందరూ ఒకే తేదీన కొలవాలన్న నియమం గట్టిగా పెట్టుకోవాలి.

గడియారంలో 12 కొట్టగానే కొలిస్తే చాలదా?

చాలదు. గడియారపు 12కీ, సూర్యుడు ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తుకు చేరే క్షణానికీ పొంతన తక్కువ. చాలా చోట్ల దేశమంతటికీ ఒకే సమయం ఉంటుంది కాబట్టి ఒక్కో డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాల చొప్పున తేడా వస్తుంది. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాలున్నాయి. ఇవేవీ లేకపోయినా, భూమి గమనం వల్లే నవంబరు మొదట్లో 16 నిమిషాలు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు అటూ ఇటూ ఉంటుంది.

17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరులో గంట తప్పుగా కొలిస్తే కోణం సుమారు రెండున్నర డిగ్రీలు ఎక్కువ వస్తుంది. దీనికి మందు తేలిక. గడియారాన్ని నమ్మకుండా నీడనే అడగండి. అంచనా వేసిన మధ్యాహ్నానికి 20 నిమిషాల ముందు మొదలుపెట్టి 20 నిమిషాల తర్వాత వరకు, ప్రతి 2 నిమిషాలకు ఒకసారి నీడ కొనను గుర్తు పెట్టండి. అన్నిటిలోకీ పొట్టి నీడే మీకు కావలసింది. మధ్యాహ్నం దగ్గర నీడ పొడవు చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి రెండు మూడు నిమిషాల తేడా వచ్చినా నష్టం లేదు. పొట్టి నీడ మీ జాబితాలో మొట్టమొదటిదో చివరిదో అయితే మాత్రం మధ్యాహ్నాన్ని మీరు అసలు పట్టుకోలేదని అర్థం. మర్నాడు మళ్లీ కొలవండి.

కర్రను ఎలా నిలబెట్టాలి?

ఈ ప్రాజెక్టు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. మీటరు పొడవున్న నిటారు కర్ర సరిపోతుంది. దాన్ని కంటి అంచనాతో నిలబెట్టకండి. దారానికి బరువు కట్టి వేలాడదీసి, కర్ర ఆ దారానికి సమాంతరంగా ఉందో లేదో ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి చూడాలి. ఒక వైపు నుంచే చూస్తే రెండో వైపు వాలు కనపడదు. మూలమట్టం ఉంటే కర్ర మొదట్లో పెట్టి చూసినా సరే.

రెండో సంగతి నేల. బడి ఆవరణలు, మేడలు, వరండాలు చూడ్డానికి చదునుగానే ఉంటాయి గానీ, వాననీళ్లు జారిపోవడానికి మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు పెట్టి కడతారు. మీటరుకు 1.7 సెంటీమీటర్లంటే దాదాపు ఒక డిగ్రీ. అంటే కర్రను ఎంత నిటారుగా నిలబెట్టినా నేల మోసం చేయగలదు. చదునైన చెక్క పలకో పెద్ద అట్టో పరిచి, కింద కాగితం ముక్కలు దోపుతూ రసమట్టంతో సరిచేసుకుని, నీడను దాని మీద పడనివ్వండి. రసమట్టం లేకపోతే వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి అంచు చుట్టూ నీటిమట్టం సమానంగా ఉందేమో చూడవచ్చు.

ఇక ఎత్తు. కర్రను మట్టిలో పాతితే దాని మొత్తం పొడవు కాదు, నీడ పడే తలం నుంచి కొన వరకు ఉన్న ఎత్తే లెక్కలోకి రావాలి. పాతిన 8 సెంటీమీటర్లను కలిపి 100 అని రాసేసిన పట్టికలు చాలా కనిపిస్తాయి. పిల్లలు కర్రను ఇంటి దగ్గరే కొలుచుకుని వస్తారు కదా, అందుకే.

నీడ అంచు మసకగా ఉంది. ఎక్కడ గుర్తు పెట్టాలి?

సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే నీడ కొన ముదురు నుంచి లేతకు నెమ్మదిగా కరిగిపోతుంది. సూర్యుడు కింద ఉన్న చోట ఇది ఇంకా ఎక్కువ. 64 డిగ్రీల కోణం దగ్గర మీటరు కర్ర నీడకు దాదాపు 5 సెంటీమీటర్ల మసక భాగం ఉంటుంది. ముదురు నీడ అంచున గుర్తు పెడితే పావు డిగ్రీకి పైగా తక్కువ వస్తుంది. మసక భాగం మధ్యలో పెట్టాలి.

అందరూ ఒకేలా ముదురు అంచునే పెడితే తప్పులు రద్దయిపోవా అని పిల్లలు అడుగుతారు. చాలా మంచి ప్రశ్న. రెండు స్కూళ్ల నీడలూ ఒకే వైపు పడితే కోణాలను తీసివేస్తాం కాబట్టి ఆ తప్పు పోతుంది. నీడలు ఎదురెదురు వైపులకు పడితే కోణాలను కలుపుతాం కాబట్టి తప్పు రెట్టింపవుతుంది. ఈ బెడద వద్దనుకుంటే కర్ర కొనకు 5 మిల్లీమీటర్ల రంధ్రం చేసిన చిన్న అట్టముక్క అతికించి సూర్యుడి వైపు కొద్దిగా వంచండి. నీడ మధ్యలో వెలుతురు మచ్చ పడుతుంది. దాని నడిమధ్యన గుర్తు పెట్టాలి. అప్పుడు ఎత్తును కూడా ఆ రంధ్రం వరకే కొలవాలని మరవకండి.

ఉమ్మడి పట్టికలో ఏమేం ఉండాలి?

కొలతలు మొదలయ్యే ముందే పట్టిక తయారుకావాలి. ప్రతి స్కూలు తన ఇష్టప్రకారం పంపిస్తే సరిచేయడానికే వారం పడుతుంది. మూడు ఊహాజనిత స్కూళ్లతో ఒక ఉదాహరణ:

```
school,lat,date,time_utc,height_cm,shadow_cm,dir
A,17.0,2025-12-20,10:20,100.0,85.4,N
B,41.0,2025-12-19,11:02,100.0,207.0,N
C,-33.0,2025-12-22,09:44,100.0,17.2,S
```

తేదీని ఏడాది, నెల, రోజు వరుసలోనే రాయించండి. 05/06 అని రాస్తే ఒక దేశంలో జూన్ 5, ఇంకో దేశంలో మే 6. సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటే గడియారం ముందుకు జరిపే గొడవ ఉండదు. దశాంశ బిందువు చోట కామా పెట్టే దేశాలు చాలా ఉన్నాయి. 85,4 అని వస్తే స్ప్రెడ్‌షీట్ దాన్ని అంకెగా కాకుండా మాటగా తీసుకోవచ్చు, అప్పుడు ఆ వరుసలో లెక్క రాదు. కొలతలన్నీ సెంటీమీటర్లలోనే ఉండాలి.

చివరి గడి, అంటే నీడ ఏ వైపు పడిందన్నది, చాలామంది అనవసరమని తీసేసేది. దయచేసి తీయకండి. ఎందుకో కింద లెక్కలో చూస్తారు. సగటు తీసిన ఒక్క విలువ కాకుండా మూడు బృందాలు కొలిచిన మూడు విలువలూ మూడు వరుసల్లో ఉండాలి. ఆ మూడింటి మధ్య తేడాయే మీ కొలత ఎంత నమ్మదగ్గదో చెబుతుంది.

లెక్క ఎలా వేయాలి?

నీడ పొడవును ఎత్తుతో భాగిస్తే కోణం టాంజెంట్ వస్తుంది. పై పట్టికను స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే ఎత్తు E గడిలో, నీడ F గడిలో ఉంటాయి కాబట్టి:

```
=DEGREES(ATAN(F2/E2))
```

ఏకి 40.5, బీకి 64.2, సీకి 9.8 డిగ్రీలు వస్తాయి.

ఏ, బీల నీడలు రెండూ ఉత్తరానికే పడ్డాయి. కాబట్టి తీసివేయాలి. తేడా 23.7 డిగ్రీలు. ఉత్తర దక్షిణ దూరం 2,660 కిలోమీటర్లు. 2,660ని 360తో గుణించి 23.7తో భాగిస్తే సుమారు 40,400 కిలోమీటర్లు. అసలు విలువకు ఒక శాతం ఎక్కువ.

ఇప్పుడు ఏ, సీ. వాటి మధ్య 5,530 కిలోమీటర్లు. అలవాటుగా తీసివేస్తే తేడా 30.7 వచ్చి చుట్టుకొలత దాదాపు 64,850 అవుతుంది. పిల్లలు కంగారు పడి సీ స్కూలు వాళ్లే తప్పు కొలిచారంటారు. కొలత తప్పు కాదు. ఏ దగ్గర నీడ ఉత్తరానికి పడింది, సీ దగ్గర దక్షిణానికి పడింది. అంటే సూర్యుడు ఆ రోజు ఈ రెండింటి మధ్య ఎక్కడో నడినెత్తిన ఉన్నాడు. అలాంటప్పుడు కోణాలను కలపాలి. మొత్తం 50.3 డిగ్రీలు, చుట్టుకొలత సుమారు 39,580. ఒక శాతం తక్కువ. దిక్కు రాసిన గడి లేకపోతే ఈ చిక్కు విడదీయడం కష్టం.

బీ, సీలు అన్నిటికన్నా దూరంగా ఉన్నాయి: 74 డిగ్రీలు, 8,190 కిలోమీటర్లు. చుట్టుకొలత సుమారు 39,840 వస్తుంది, అర శాతం కన్నా తక్కువ తప్పు. దూరం పెరిగేకొద్దీ అదే కొలతలోని అదే పొరపాటు ఎలా చిన్నదైపోతోందో పిల్లల చేతే చెప్పించండి.

ఒక స్కూలు కొలత తేడాగా ఉందని ఎలా తెలుస్తుంది?

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది. ప్రతి స్కూలు తన కోణం నుంచి ఆ రోజు సూర్యుడి క్రాంతిని లెక్కగట్టవచ్చు. నీడ ఉత్తరానికి పడితే అక్షాంశంలోంచి కోణం తీసివేయాలి, దక్షిణానికి పడితే కలపాలి. దక్షిణ అక్షాంశాలకు రుణ గుర్తు పెట్టుకోవాలి. సూర్యుడు అందరికీ ఒక్కడే కాబట్టి జవాబులన్నీ ఒకే చోటికి రావాలి.

ఏకి 17.0లోంచి 40.5 పోతే −23.5. బీకి 41.0లోంచి 64.2 పోతే −23.2. సీకి −33.0కి 9.8 కలిపితే −23.2. మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, డిసెంబరు 21 ప్రాంతంలో ఉండవలసిన −23.4కి అటూ ఇటూగా ఉన్నాయి. నాలుగో స్కూలు చేరి −25.6 అని వస్తే తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది. రెండు డిగ్రీలకు మించిన తేడా సాధారణంగా తప్పు వేళకు కొలవడం వల్లో, పాతిన భాగాన్ని ఎత్తులో కలపడం వల్లో వస్తుంది. ఒక డిగ్రీ చుట్టుపక్కల తేడాకు కర్ర వాలు గానీ నేల వాలు గానీ కారణం అయి ఉంటుంది.

తప్పు దొరికాక ఆ అంకెను మీరే దిద్దేయకండి. దాన్ని అలాగే ఉంచి, పక్కన అనుమానం రాసి, ఆ స్కూలుకు ప్రశ్న పంపండి: "మీరు ఎత్తును నేల నుంచి కొలిచారా, కర్ర అడుగు నుంచా?" అని. "మీది తప్పు" అని రాస్తే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. గడువు మిగిలి ఉంటే వాళ్లు మళ్లీ కొలిచి కొత్త వరుస చేరుస్తారు.

రెండు స్కూళ్ల మధ్య దూరం ఎక్కడి నుంచి తీసుకోవాలి?

అక్షాంశాల తేడాను 111తో గుణించకండి. ఆ 111 కిలోమీటర్లన్నది చుట్టుకొలతను 360తో భాగించగా వచ్చినదే. కనుక్కోవలసిన జవాబునే ముందుగా లెక్కలో పెట్టినట్టవుతుంది. ఆన్‌లైన్ మ్యాపులో రూలర్‌తో, ఒక స్కూలు నుంచి నేరుగా ఉత్తరానికి రెండో స్కూలు అక్షాంశం వరకు గీత గీసి కొలవడం ఎక్కువమంది చేసేది. ఏటవాలుగా ఒక స్కూలు నుంచి ఇంకో స్కూలుకు గీయకూడదు. నిజం చెప్పాలంటే ఆ రూలర్ లోపలా భూగోళం పరిమాణం ముందే ఉంది. చిన్న తరగతులకు అది చాలు గానీ, నివేదికలో ఆ మాట రాయించండి.

పెద్ద తరగతుల వాళ్లు ఇంకో దారి పట్టవచ్చు. ఇంచుమించు ఉత్తర దక్షిణంగా సాగే రైలు మార్గం ఉన్న చోట, నేల మీద కొలిచిన రైలు కిలోమీటర్లు తీసుకోవచ్చు. పట్టాలు వంపులు తిరుగుతాయి కాబట్టి ఆ దూరం అసలు దూరం కన్నా ఎక్కువే ఉంటుంది, చుట్టుకొలతా ఎక్కువే వస్తుంది. ఏ వైపు తప్పొస్తుందో ముందే తెలిసిన కొలత అది.

పిల్లల వివరాలు, స్కూలు చిరునామా పంచుకోవాలా?

అవసరం లేదు. స్కూలుకు ఒక అక్షరం చాలు. అక్షాంశాన్ని ఒక్క దశాంశ స్థానానికి సవరించి ఇవ్వండి. 0.1 డిగ్రీ అంటే 11 కిలోమీటర్లు, కాబట్టి బడి ఏదో బయటివాళ్లకు తెలియదు, లెక్కకూ నష్టం ఉండదు. కర్ర ఫొటోలు పంపేటప్పుడు పిల్లల ముఖాలు, బడి బోర్డు రాకుండా చూసుకోండి. ఫోనుతో తీసిన ఫొటో లోపల కచ్చితమైన స్థలం నమోదై ఉండవచ్చు, దాన్ని తీసేశాకే పంచుకోండి.

ఫలితాన్ని ఎలా రాయాలి?

ఒక్క సగటు అంకె రాసి ఊరుకోకండి. ప్రతి జంటకూ వచ్చిన చుట్టుకొలత, ఆ జంట మధ్య కోణం, ఏ తేదీల్లో కొలిచారు అన్నవి పక్కపక్కన రాయాలి. పై ఉదాహరణలోని మూడు విలువలకూ సమానమైన బరువిచ్చి సగటు తీస్తే 39,940 వచ్చి చాలా అందంగా కనిపిస్తుంది. కానీ అందులో ఒక శాతం ఎక్కువా, ఒక శాతం తక్కువా ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అది కొలత గొప్పతనం కాదు. నేనైతే 74 డిగ్రీల జంట విలువను ముఖ్య ఫలితంగా రాయించి, దాని పక్కన అరడిగ్రీ తప్పు వస్తే ఎంత మారుతుందో కూడా పెట్టిస్తాను: సుమారు 270 కిలోమీటర్లు అటూ ఇటూ.